కాలేజీ డే వెనుక ఎనిమిది వారాలు

కాలేజీ వార్షికోత్సవం రాత్రి పది దాటినా తెమలలేదంటే, ఆ తప్పు ఆ రాత్రి జరిగింది కాదు. ఎన్ని ఐటమ్స్ పెట్టాలో ఎవరూ లెక్క వేయకుండా వచ్చిన పేర్లన్నీ రాసుకున్న రోజున, అంటే ఆరేడు వారాల ముందే జరిగింది. వేడుక సాఫీగా నడిచిన కాలేజీల్లోనూ అంతే. ఆ రోజు ఎవరో చేసిన అద్భుతం ఏమీ ఉండదు. చేయాల్సిన పనులు చేయాల్సిన వారంలో అయిపోయి ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఓ పట్టణంలో వెయ్యిమంది విద్యార్థులున్న డిగ్రీ కాలేజీ. సొంత ఆడిటోరియం లేదు, ప్లే గ్రౌండ్‌లోనే స్టేజీ వేయాలి. వార్షికోత్సవం ఫిబ్రవరి 21, శనివారం సాయంత్రం అనుకుందాం. అక్కడి నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కిస్తే డిసెంబర్ 27 వస్తుంది. పని మొదలు కావాల్సింది ఆ రోజే.

తేదీ కుదరడమే సగం పని

తేదీ ఖాయం చేసే ముందు ప్రిన్సిపాల్ గారి బల్లమీద రెండు కాగితాలు పక్కపక్కన ఉండాలి. ఒకటి యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్, రెండోది పంచాంగం. క్యాలెండర్ ఎందుకో అందరికీ తెలుసు. ఇంటర్నల్స్ ఏ వారంలో, ప్రాక్టికల్స్ ఎప్పుడు, అదే ఆవరణలో ఇంటర్ పబ్లిక్ పరీక్షల సెంటర్ పడుతుందా అన్నవి చూడాలి. పరీక్షలు నడిచే రోజుల్లో మైకు పర్మిషన్ దొరకడం కష్టం.

పంచాంగం ఎందుకంటే, మాఘమాసం పెళ్ళిళ్ళ కాలం. ఊళ్ళో ఉన్న సౌండ్ వాళ్ళు, షామియానా వాళ్ళు, లైటింగ్ వాళ్ళు, ఫొటోగ్రాఫర్లు గట్టి ముహూర్తం ఉన్న రోజున ఒక్కరూ దొరకరు. దొరికినా ఆ రోజు రేటు వేరు, పంపే సామాను వేరు. మంచి స్పీకర్లు కల్యాణమండపానికి వెళ్ళిపోయి, మిగిలిన పాత సెట్టు కాలేజీకి వస్తుంది. అందుకే తేదీ అనుకోగానే ఊళ్ళో పేరున్న సౌండ్ ఆయనకు ఫోన్ చేసి, ఆ రోజు ఖాళీయా అని అడగడం కన్వీనర్ చేయాల్సిన మొట్టమొదటి పని. శివరాత్రి ఒక్కో ఏడు ఫిబ్రవరిలో, ఒక్కో ఏడు మార్చి మొదట్లో వస్తుంది. ఆ జాగరణ మర్నాడు రిహార్సల్ పెట్టుకుంటే సగంమంది రారు.

ఇక సంక్రాంతి. మన కాలేజీల టైమ్‌టేబుల్‌ను అన్నిటికంటే ఎక్కువగా మింగేసేది ఇదే. సెలవులు కాగితం మీద ఎన్ని రోజులున్నా, హాస్టల్ పిల్లలు రెండు రోజులు ముందు వెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా వస్తారు. కాబట్టి ఎనిమిది వారాల్లో చేతిలో నిజంగా ఉండేవి ఏడే. అది తప్పని విషయం కాబట్టి, దాన్ని వాడుకునే మార్గం చూడాలి. ఎంపికలు సంక్రాంతి ముందే పూర్తి చేసి, పాట కట్ చేయడం, స్కిట్ రాయడం లాంటి ఇంటి దగ్గర చేయగల పనులు సెలవుల్లోకి నెట్టాలి. నలుగురూ కలిసి నిలబడి చేయాల్సిన పని ఏదీ ఆ వారంలో పెట్టకూడదు.

ఎవరి పని ఎవరిది

మొదటి మీటింగ్‌లో ప్రిన్సిపాల్ ఒక కన్వీనర్‌ను వేస్తారు. సాధారణంగా సీనియర్ లెక్చరర్ ఒకరు. ఆయన కింద ఆహ్వాన కమిటీ, వేదిక కమిటీ, ఆర్థిక కమిటీ, భోజనాల కమిటీ, క్రమశిక్షణ కమిటీ అంటూ పేర్లు పంచుతారు. ఒక్కో కమిటీలో ఎనిమిదేసి మంది ఉంటారు. సర్క్యులర్ నోటీసు బోర్డు మీద పడుతుంది. ఇంతవరకూ అన్ని కాలేజీల్లోనూ బాగానే జరుగుతుంది.

ఇబ్బందల్లా, ఎనిమిది మంది పేర్లున్న పనికి జవాబు చెప్పే మనిషి ఒక్కరూ ఉండరు. దీనికి విరుగుడు చిన్నదే. ప్రతి కమిటీలో ఒక లెక్చరర్, ఒక విద్యార్థి పేరు కింద గీత గీయాలి. డబ్బు, సంతకం, బయటి అధికారులతో మాట్లాడటం లెక్చరర్ పని. మనుషుల్ని పోగుచేయడం, గుర్తు చేయడం, పరుగులు పెట్టడం విద్యార్థి పని. క్రమశిక్షణ కమిటీకి పి.డి. గారిని, ఆయన వెనుక ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్ని పెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అది మంచి పద్ధతే. అయితే జనవరి 26 పరేడ్ అయ్యేదాకా ఎన్‌సీసీ వాళ్ళను కదపకూడదు.

సర్క్యులర్లలో తరచూ కనిపించని పేరు ఒకటుంది, స్టేజ్ మేనేజర్. కల్చరల్ సెక్రటరీ ఉంటారు, యాంకర్లు ఇద్దరుంటారు. కానీ స్టేజీ పక్కన నిలబడి, తర్వాతి గ్రూపు సిద్ధంగా ఉందో లేదో చూసి, సౌండ్ ఆయనకు చెయ్యి ఊపి, కర్టెన్ లాగించే మనిషి ఎవరో ఎక్కడా రాసి ఉండదు. ఆ రోజు ఆ పని కన్వీనరే చేయబోతారు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు గేటు దగ్గరికొచ్చిందని ఫోన్ వస్తుంది. ఆయన అటు పరిగెడతారు, స్టేజీ అనాథ అవుతుంది. స్టేజ్ మేనేజర్‌గా డాన్స్‌లోనూ స్కిట్‌లోనూ లేని, గొంతు పెంచకుండా పని చేయించగల ఫైనలియర్ విద్యార్థిని ఎంచుకోవాలి. మొదటి ఎంపికల రోజు నుంచీ ఆమెను కూర్చోబెడితే, ఫిబ్రవరి నాటికి ప్రతి గ్రూపు గుట్టూ ఆమెకు తెలుస్తుంది.

సంతకాలు, పర్మిషన్లు

అనుమతుల్లో మొదటిది ఇంట్లోదే. తేదీ, అంచనా ఖర్చు, డబ్బు ఏ ఖాతాలోంచి తీయాలి, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇవ్వాలి అన్నవి రాసిన నోట్ మీద ప్రిన్సిపాల్ సంతకం, ప్రైవేటు కాలేజీ అయితే యాజమాన్యం సంతకం కూడా డిసెంబర్ నెలాఖరులోగా పడాలి. ఆ సంతకం లేకుండా షామియానా ఆయనకు బయానా ఇవ్వలేం. బయానా అందకపోతే ఆయన తేదీ ఆపి ఉంచడు. స్టేజీకి, సౌండ్‌కు, భోజనాలకు విడివిడిగా మూడేసి కొటేషన్లు తీసుకుని ఫైల్లో పెట్టడం ఆడిట్ కోసమే కాదు. ఏ సామాను ఎన్ని గంటలకు ఇస్తారో, జనరేటర్‌కు డీజిల్ ఎవరిదో కాగితం మీదికి వచ్చేది అప్పుడే.

రెండోది మైకు పర్మిషన్. దీని వెనుక ఉన్న చట్టం తెలిస్తే చాలా వాదనలు తప్పుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. తలుపులు మూసిన ఆడిటోరియానికి మినహాయింపు ఉంది, మైదానానికి లేదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాల్లో అర్ధరాత్రి దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి 15 రోజులకు మించకూడదు. దాన్ని నమ్ముకుని కాలేజీ డే ప్లాన్ చేయడానికి లేదు. ఆస్పత్రి, కోర్టు, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లకు తగ్గకుండా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు కూడా ఆ నియమాల్లోనే ఉంది. కాలేజీ గోడ అవతల ప్రసూతి ఆస్పత్రి ఉంటే ఆ సంగతి దరఖాస్తులో ముందే రాసి, స్పీకర్లు ఏ దిక్కుకు పెడుతున్నారో చెప్పడం మంచిది.

దరఖాస్తు మూడు వారాల ముందు, అంటే జనవరి నెలాఖరుకల్లా పోలీస్ స్టేషన్‌లో అందాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, వచ్చే జనం అంచనా, అతిథుల పేర్లు, పార్కింగ్ ఎక్కడ, బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి ఇవ్వాలి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. ఏ స్థాయి అధికారి అనుమతి ఇస్తారో ఊరిని బట్టి మారుతుంది, అది స్టేషన్‌లోనే చెబుతారు. మంత్రినో ఎమ్మెల్యేనో పిలిచే ఆలోచన ఉంటే, ఎన్నికల కోడ్ నడుస్తోందేమో కార్డులు అచ్చు వేయకముందే చూసుకోవాలి.

మూడో విషయం పాటల హక్కులు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ఇందులో కాలేజీలకు ఒక వెసులుబాటు ఇచ్చింది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులు, అధ్యాపకులు పాటో నాటకమో ప్రదర్శించినా, రికార్డు వేసినా ఉల్లంఘన కాదు. షరతు ఏమిటంటే, చూసేవాళ్ళు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ళే అయి ఉండాలి. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిచినా, బయటి నుంచి డీజేని తెచ్చినా ఆ రక్షణ మీద ఆధారపడలేం. అప్పుడు లైసెన్సుల సంగతి చూసుకోవాల్సిందే. యూట్యూబ్‌లో లైవ్ పెట్టడం కూడా ఈ మినహాయింపు కిందికి రాదు. సినిమా పాట మొదలవగానే లైవ్ మూగబోవడమో ఆగిపోవడమో జరిగేది అందుకే. లైవ్ కావాలనుకుంటే సభ, ప్రార్థనా గీతం, బహుమతులు చూపించి, డాన్సులు మొదలయ్యే ముందు ఆపేయడం మేలు.

పద్దెనిమిది ఐటమ్స్ లెక్క

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. పదింటికి మైకు ఆగాలి. కానీ పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఆఖరి బస్సు ఉంటుంది, ఆడపిల్లలు ఇళ్ళకు చేరాలి. అందుకని తొమ్మిదింపావుకు ముగించాలనుకుందాం. సాయంత్రం 5.30కి మొదలుపెడితే 225 నిమిషాలు చేతికొస్తాయి.

అందులో జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనకు 10, స్వాగతానికి, ప్రిన్సిపాల్ గారి నివేదికకు 15, అతిథుల ప్రసంగాలకు 25, బహుమతులకు 25. మొత్తం 75 నిమిషాలు. ముఖ్య అతిథి ఆలస్యానికి 15 తీసిపెట్టాలి. వందన సమర్పణకు, జాతీయ గీతానికి 5. పోగా 130 నిమిషాలు మిగిలాయి. ఒక స్కిట్ ఉంటే దానికి 12, బల్లలు తీసి పెట్టడానికి 3, వెరసి 15. ఇక మిగిలినవి 115. ఒక్కో డాన్సో పాటో సగటున ఐదు నిమిషాలు, గ్రూపు దిగి మరో గ్రూపు ఎక్కడానికి నిమిషంన్నర. ఆరున్నరతో భాగిస్తే పదిహేడు వస్తాయి. స్కిట్‌తో కలిపి పద్దెనిమిది. అంతే.

వెయ్యిమంది ఉన్న కాలేజీలో నలభై పేర్లకు తక్కువ రావు. అందుకే జనవరి మొదటి వారంలో ఎంపికలు పెట్టక తప్పదు. ‘అందరికీ అవకాశం ఇద్దాం, అంతా మన పిల్లలే’ అని ముప్పై ఐటమ్స్ ఒప్పుకున్న కన్వీనర్, ఫిబ్రవరి 21 రాత్రి తొమ్మిదిన్నరకు పన్నెండు గ్రూపుల్ని మేకప్‌తోనే ఇంటికి పంపాల్సి వస్తుంది. నెలరోజులు కష్టపడి, అద్దె డ్రస్సు వేసుకుని, స్టేజీ ఎక్కకుండా వెళ్ళిపోయిన పిల్ల దుఃఖం చిన్నది కాదు. జనవరిలో ‘లేదు’ అని చెప్పడమే దయ. నలుగురు సోలో డాన్సర్లను కలిపి ఒక మెడ్లీగా మార్చమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఎంపికల్లో కూర్చునే ముగ్గురిలో ఒకరు లేడీ లెక్చరర్ అయి ఉండాలి. పాట సాహిత్యం, స్కిట్‌లో కులాన్నో ప్రాంతాన్నో శరీరాన్నో వెక్కిరించే డైలాగులు, డ్రస్సు ఫొటో ఇవన్నీ అప్పుడే చూడాలి. వారం రోజుల ముందు అభ్యంతరం చెబితే గొడవ అవుతుంది, మార్చుకోవడానికి వ్యవధి ఉండదు.

పాట ఖాయమైతేనే రిహార్సల్

సంక్రాంతి సెలవులయ్యాక మొదటి వారం, అంటే జనవరి 24 లోపు, ప్రతి గ్రూపూ తమ పాటను చివరి రూపంలో ఇచ్చేయాలి. ఇది గట్టిగా పట్టుబట్టాల్సిన గడువు. పాట మారితే స్టెప్పులు మారతాయి, నిడివి మారుతుంది, లైటింగ్ మారుతుంది. పాట ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనాలి. యూట్యూబ్ వీడియోను మరో ఫోన్‌లో రికార్డు చేసి పంపేవాళ్ళుంటారు. అది ఇయర్‌ఫోన్స్‌లో బాగానే వినిపించి, పెద్ద స్పీకర్లలో రేకు డబ్బా మోతలా వస్తుంది. వచ్చిన పాటలన్నిటినీ ఒకే వాల్యూమ్ స్థాయికి తెచ్చి, వరుస సంఖ్యతో `07_kolatam.mp3` లాంటి పేర్లు పెట్టి, రెండు పెన్‌డ్రైవ్‌లలో, ఒక లాప్‌టాప్‌లో ఉంచాలి. చాలా మిక్సర్ల ప్లేయర్లు `FAT32` ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, అది ముందే చూసుకోవాలి. ఫోన్ నుంచి పాట వేయనివ్వకూడదు. స్టేజీ మధ్యలో ఎవరికో అమ్మ ఫోన్ చేస్తే ఆ రింగ్‌టోన్ ఊరంతా వింటుంది.

రిహార్సల్ ఎక్కడ చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. క్లాస్‌రూమ్‌లో బెంచీలు జరిపి నేర్చుకున్న పద్నాలుగు మంది కోలాటం పిల్లలు స్టేజీ ఎక్కగానే తడబడతారు. స్టేజీ 40 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు అని షామియానా ఆయన చెప్పిన రోజే, ప్లే గ్రౌండ్‌లో ముగ్గుపిండితో అంతే కొలతకు గీత గీయాలి. స్పీకర్లు, లైట్ స్టాండ్లు, ప్రసంగ పీఠం ఆక్రమించే జాగా కూడా గీయాలి. అప్పుడు తెలుస్తుంది, లోతు 24 అడుగులున్నా కోలాటానికి దక్కేది పద్దెనిమిదేనని. ఫిబ్రవరి మొదటి వారం నుంచి రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఆ గీతల్లోనే, వంతుల ప్రకారం, చేయించాలి. క్లాసుల వేళ రిహార్సల్‌కు వదలమని అడగడం మొదలైతే మిగతా లెక్చరర్ల సహకారం పోతుంది. చివరి వారం తప్ప ఆ అవసరం రానివ్వకూడదు.

ఫిబ్రవరి 7 నాటికి రెండో స్క్రూటినీ. అప్పటికి ఐటమ్ పూర్తిగా రాకపోతే తీసేస్తామని ముందే చెప్పి ఉండాలి, చెప్పింది చేయాలి. వరుసక్రమం వేయాల్సింది ఆ రోజే. ఒకే అమ్మాయి మూడు గ్రూపుల్లో ఉంటుంది. కూచిపూడి ఆహార్యం విప్పి, జడ ఊడదీసి, కోలాటం లంగా ఓణీ కట్టుకోవడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. అంటే ఆ రెండింటి మధ్య కనీసం మూడు ఐటమ్స్ ఉండాలి. కూచిపూడిని మొదట్లో పెట్టడం చాలాచోట్ల ఆనవాయితీ. అందుకు సంప్రదాయమే కాకుండా మరో కారణం ఉంది. నర్తకి ఉత్తకాళ్ళతో ఆడుతుంది. కాగితప్పూల బ్లాస్ట్‌లు పేల్చాక, స్కిట్ వాళ్ళు నీళ్ళు ఒలకబోశాక ఆమెను ఎక్కించకూడదు. కార్పెట్ కింద మేకులు లేవని చేత్తో తడిమి చూడాల్సింది కూడా ఆమె కోసమే.

స్టేజ్ మేనేజర్ చేతిలో ఉండే కాగితాన్ని క్యూ షీట్ అంటారు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: ఏడో ఐటమ్ కోలాటం, పద్నాలుగు మంది, ఐదు నిమిషాల పది సెకన్లు, ఎడమ నుంచి ప్రవేశం, కుడి వైపు నిష్క్రమణ, మైకు అక్కర్లేదు, అందరూ నిలబడ్డాక సైగ ఇచ్చినప్పుడు పాట, తర్వాత స్కిట్ కాబట్టి పాట ఆగగానే రెండు బల్లలు, మూడు స్టాండ్ మైకులు. ఈ షీట్ నకళ్ళు సౌండ్ ఆయనకు, లైట్ల ఆయనకు, యాంకర్లకు, గ్రీన్‌రూమ్ ఇన్‌చార్జికి ఇవ్వాలి. స్కిట్‌కు ముందు వరుసలో మూడు మైకులు పెట్టి, ఎవరు ఏ మైకు దగ్గర మాట్లాడాలో రిహార్సల్‌లోనే అలవాటు చేయకపోతే, నవ్వాల్సిన డైలాగు మొదటి రెండు వరుసలకే వినిపిస్తుంది.

స్టేజీ గురువారం రాత్రికల్లా లేవాలని షామియానా ఆయనతో రాయించుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఫుల్ రిహార్సల్. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫుల్ రిహార్సల్ అంటే పద్దెనిమిది డాన్సులు మళ్ళీ ఆడించడం కాదు. డాన్సులు వాళ్ళకు వచ్చు. రానిది ఒక గ్రూపు దిగి మరో గ్రూపు ఎక్కడం. కాబట్టి ప్రతి ఐటమ్‌లో మొదటి ముప్పై సెకన్లు, చివరి ముప్పై సెకన్లు చేయించి, మధ్యది వదిలేసి, మార్పిడి మాత్రం గడియారం పెట్టి పూర్తిగా చేయించాలి. గంటన్నరలో అయిపోతుంది. మార్పిడి నిమిషంన్నర బదులు మూడు నిమిషాలు పట్టిందంటే రేపు రాత్రి అరగంట ఆలస్యమవుతుందని అప్పుడే తెలుస్తుంది.

“అక్కా, మా కోలాటం కర్రలు గ్రీన్‌రూమ్‌లో ఉండిపోయాయి” అని ఫస్టియర్ పిల్ల పరిగెత్తుకొచ్చేది ఆ శుక్రవారమే అయితే నష్టం లేదు. కర్రలు స్టేజీ ఎడమ మెట్ల దగ్గర బుట్టలో ఉండాలని స్టేజ్ మేనేజర్ షీట్‌లో రాసుకుంటుంది. ఆమె పక్కన ఇద్దరు వలంటీర్లు చాలు. ఐటమ్ నడుస్తుండగానే వచ్చే రెండు గ్రూపులు మెట్ల దగ్గర, ఆ తర్వాతి గ్రూపు గ్రీన్‌రూమ్ గుమ్మంలో నిలబడాలన్నది ఆ ముగ్గురూ పట్టుకోవాల్సిన నియమం. యాంకర్ల మాటలు కూడా ఆ నిమిషంన్నరకే సరిపడేలా రాసుకోవాలి. మార్పిడి ఆలస్యమైతే చెప్పడానికి రెండు పొడుపుకథలు జేబులో ఉంచుకోవాలి.

శనివారం నాడు కన్వీనర్ చేయాల్సిన పని, నిజానికి, తక్కువే ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి కార్డ్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు, జనరేటర్ ఒకసారి ఆన్ చేసి స్టేజీ లోడ్ మోస్తుందో లేదో చూడటం, స్టేజీ వైరింగ్‌కు ఎర్తింగ్ ఉందని కాలేజీ ఎలక్ట్రీషియన్ చేత చెప్పించుకోవడం, ప్రథమ చికిత్స పెట్టె, గేటు దగ్గర అంబులెన్స్ తిరగడానికి దారి. అతిథి ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. 5.45 దాటితే రెండు డాన్సులు ముందుకు జరిపి సభ తర్వాత పెట్టడమే సరైన పని. ఖాళీ స్టేజీ ముందు వెయ్యిమందిని కూర్చోబెడితే ఈలలు మొదలవుతాయి, ఆ తర్వాత ఎవరి ప్రసంగమూ సాగదు.

వేడుకతో పని అయిపోదు. అద్దె డ్రస్సులు ఆదివారం సాయంత్రంలోగా తిరిగిచ్చేయకపోతే రెండో రోజు అద్దె పడుతుంది. అడ్వాన్సు తీసుకున్న ప్రతి లెక్చరరూ వారంలోపు బిల్లులతో లెక్క అప్పజెప్పాలి. ఆలస్యమైన కొద్దీ చిల్లర రసీదులు దొరకవు, ఆ తేడా సొంత జేబులోంచి పడుతుంది. కొటేషన్లు, పర్మిషన్ కాపీ, క్యూ షీట్, మార్పిడికి పట్టిన నిజమైన సమయాలు ఒకే ఫైల్లో కుట్టి ఆఫీసులో ఇవ్వాలి. వచ్చే ఏడాది కన్వీనర్‌కు ఆ ఫైలే కమిటీ.

ప్రిన్సిపాళ్ళకు ఒక విన్నపం. డాన్సర్లకు, గాయకులకు సర్టిఫికెట్లు ఇస్తారు, షీల్డులు ఇస్తారు. స్టేజ్ మేనేజర్‌కు, మెట్ల దగ్గర నిలబడ్డ ఇద్దరు వలంటీర్లకు, పాటలు సరిచేసిన కుర్రాడికి, గ్రీన్‌రూమ్ తాళం పట్టుకుని అన్నం కూడా తినని అమ్మాయికి కూడా సర్టిఫికెట్ రాయించండి. వందన సమర్పణలో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదివించండి. అందుకు పట్టేది రెండు నిమిషాలే, పైన వేసిన లెక్కలో వందన సమర్పణకు ఇచ్చిన ఐదులో అవి ఇముడుతాయి.